మూడో తేదీన డబ్బు రాకపోతే పదమూడో తేదీ దాకా ఏం చేయాలి?

వ్యాఖ్యాత: నమస్కారం. నెలనెలా కొద్ది మొత్తం తీసుకుని సేవ అందించే చిన్న వ్యాపారాలు మన నగరాల్లో చాలా ఉన్నాయి. అపార్టుమెంట్లలో రోజూ కార్లు కడిగేవాళ్లు, యోగా తరగతులు నడిపేవాళ్లు, వాటర్ ప్యూరిఫయర్ల సర్వీసు చూసేవాళ్లు. చాలామంది యూపీఐ ఆటోపేకి మారారు. నెల మొదట్లో డబ్బు దానంతట అదే వస్తుంది. రానప్పుడు ఏం చేయాలన్నది ఈ రోజు మాట్లాడుకుందాం. హైదరాబాద్‌లో ఇలాంటి వ్యాపారాలకు బిల్లింగ్ ఏర్పాట్లు చేసే మిత్రులు మనతో ఉన్నారు. నమస్కారమండీ.

అతిథి: నమస్కారమండీ. విడిగా సూత్రాలు చెప్పడం కంటే ఒక వ్యాపారం తీసుకుని చూద్దాం. కార్లు కడిగే వ్యాపారం అనుకోండి. 140 మంది ఖాతాదారులు, ఒక్కొక్కరికి నెలకు ₹600. కడిగే కుర్రవాడికి కారుకు నెలకు ₹300 ఇస్తారు. నెల ఒకటో తేదీ నుంచి లెక్క, వసూలు మూడో తేదీన.

వ్యాఖ్యాత: ఒకటో తేదీ కాకుండా మూడు ఎందుకు?

అతిథి: జీతాలు నెలాఖరున గానీ ఒకటిన గానీ పడతాయి. మధ్యలో ఆదివారమో సెలవో వస్తే ఒక రోజు ఆలస్యమవుతాయి. ఇంటి రుణం, కారు రుణం వాయిదాలు చాలామందికి అయిదో తేదీన కోతపడతాయి. ఆ రెండింటి మధ్య ఉన్న రోజు మూడు. తేదీ సరిగ్గా పెడితేనే సగం వైఫల్యాలు తగ్గిపోతాయని నా నమ్మకం. చాలామంది మళ్లీ ఎన్నిసార్లు ప్రయత్నించాలని అడుగుతారు. ఏ రోజు ప్రయత్నించాలో ముందు తేల్చుకోవాలి.

వ్యాఖ్యాత: ఎన్నిసార్లు అన్నదానికి పరిమితి కూడా ఉంది కదా?

అతిథి: ఉంది. 2025 ఆగస్టు నుంచి, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ నియమం ప్రకారం ఒక వసూలుకు మొదటి ప్రయత్నం ఒకటి, ఆ తర్వాత గరిష్ఠంగా మూడు. అవి కూడా రద్దీ లేని వేళల్లోనే జరగాలి: ఉదయం పది లోపు, మధ్యాహ్నం ఒంటి గంట నుంచి అయిదు వరకు, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత. మన తరఫున డబ్బు వసూలు చేసే పేమెంట్ గేట్‌వే సంస్థ ఆ వేళలు చూసుకుంటుంది. మూడు ప్రయత్నాలను ఏ రోజుల్లో వాడాలన్నది మాత్రం మనమే చెప్పాలి. అది చెప్పకపోతే కొన్ని ఏర్పాట్లు వరసగా మూడు రోజులు ప్రయత్నించి ఆగిపోతాయి. మూడున ఖాతాలో డబ్బు లేని మనిషికి నాలుగున, అయిదున మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

వ్యాఖ్యాత: మరి మీరు ఎలా పెడతారు?

అతిథి: ముందు ఎందుకు విఫలమైందో చూస్తాను. లెక్క కోసం ఒక నెల ఊహించుకుందాం. 140 మందిలో 17 మంది దగ్గర డబ్బు రాలేదు. నివేదిక తెరిస్తే పదిమందికి Z9 అని ఉంది, అంటే ఖాతాలో చాలినంత డబ్బు లేదు. నలుగురికి బ్యాంకు వైపు సాంకేతిక లోపం. మిగతా ముగ్గురు మాండేట్‌నే, అంటే నెలనెలా డబ్బు తీసుకోవడానికి ఇచ్చిన అనుమతినే, రద్దు చేసుకున్నారు. ఈ మూడు గుంపులకూ ఒకే మందు పనికిరాదు.

సాంకేతిక లోపం ఉన్న నలుగురికి మర్నాడు ఉదయమే మళ్లీ ప్రయత్నం. వాళ్లకు మనం సందేశం పంపనక్కర్లేదు, తప్పు వాళ్లది కాదు. ఖాతాలో డబ్బు లేని పదిమందికి ఎనిమిదో తేదీ వరకు ఆగుతాను. జీతం ఏడో తేదీన పడే సంస్థలు చాలా ఉన్నాయి. అప్పుడూ రాకపోతే పదకొండున. పదో తేదీన జీతం వచ్చేవాళ్లకు అది సరిపోతుంది. ఇక మూడో ప్రయత్నాన్ని ఊరికే వాడను.

వ్యాఖ్యాత: ఉన్న అవకాశాన్ని ఎందుకు వదులుకోవడం?

అతిథి: ప్రయత్నం విఫలమైన ప్రతిసారీ ఖాతాదారుకు బ్యాంకు నుంచి సందేశం వెళ్లవచ్చు. ‘మీ ఖాతాలో డబ్బు లేదు’ అని వారంలో నాలుగుసార్లు చూస్తే ఎవరికైనా మనసు కష్టపడుతుంది. చివరికి మాండేట్ తీసేస్తారు. యూపీఐ కాకుండా బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు తీసుకునే ఈ-నాచ్ అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అందులో ప్రతి తిరస్కరణకూ బ్యాంకులు ఖాతాదారు దగ్గర వందల రూపాయల రుసుము తీసుకుంటాయి. ₹600 కోసం మనం రెండు మూడు సార్లు ప్రయత్నిస్తే, ఆ మనిషికి రుసుములే బిల్లుకు సమానమవుతాయి. ఈ-నాచ్‌లో ఒక్కసారి మాత్రమే, అదీ ఫోనులో మాట్లాడి తేదీ అడిగాకే మళ్లీ ప్రయత్నించాలంటాను.

వ్యాఖ్యాత: మాండేట్ రద్దు చేసుకున్న ముగ్గురు?

అతిథి: అక్కడ మళ్లీ ప్రయత్నించడమే దండగ. మాండేట్ లేనప్పుడు వందసార్లు అడిగినా బ్యాంకు ఇవ్వదు. అయితే రద్దు చేశారు కాబట్టి సేవ వద్దనుకున్నారని తీర్మానించకూడదు. కొందరు బ్యాంకు మారుస్తారు. కొందరు ఓటీటీ చందా తీసేయబోయి మనది తీసేస్తారు. ఒకసారి మర్యాదగా ఫోను చేసి అడగాలి. యూపీఐలో ఖాతాదారు మాండేట్‌ను కొంతకాలం నిలిపివేసే వీలు కూడా ఉంది. ఊరెళ్లినప్పుడు అలా చేసి, తిరిగొచ్చాక మరచిపోతారు.

వ్యాఖ్యాత: ఈ లోపల కారు కడుగుతూనే ఉండాలా? వ్యాపారులకు అసలు బాధ ఇక్కడే కదండీ.

అతిథి: కడగాలి. గ్రేస్ పీరియడ్ అంటే అదే. నేను పన్నెండో తేదీ వరకు పెడతాను, పదమూడు నుంచి ఆపడం. పదకొండున జరిగే చివరి ప్రయత్నం తర్వాత ఖాతాదారుకు కట్టడానికి ఒక రోజు మిగలాలి. మళ్లీ ప్రయత్నాలు పూర్తి కాకముందే గడువు ముగిసేలా పెట్టుకున్నవాళ్లను చూశాను. సేవ ఆగిన మర్నాడు డబ్బు కోతపడుతుంది. ఆ ఫోను ఎత్తి సమాధానం చెప్పడం చాలా కష్టం.

ఇక ఖర్చు. ఆ నెలనే ముందుకు తీసుకెళ్దాం. సాంకేతిక లోపం ఉన్న నలుగురి డబ్బు నాలుగో తేదీన వచ్చింది. డబ్బు లేని పదిమందిలో ఆరుగురివి ఎనిమిదిన, ఇద్దరివి పదకొండున వచ్చాయి, ఒకరు మనం పంపిన లింకుతో కట్టారు. రద్దు చేసుకున్న ముగ్గురిలో ఇద్దరు కొత్త మాండేట్ ఇచ్చారు, ఒకరు ఇల్లు ఖాళీ చేసి వెళ్లారు. పదమూడో తేదీకి మిగిలింది ఇద్దరు. పన్నెండు రోజుల్లో వారానికో సెలవు పోగా పది రోజులు కడిగాం. కుర్రవాడికి రోజుకు కారుకు సుమారు ₹12 పడుతుంది. ఒక్కొక్కరి మీద ₹120, ఇద్దరికి మహా అయితే ₹240. గడువు ఇచ్చినందుకు మనకు తగిలిన ఖర్చు అంతే. ఎందుకంటే ఆలస్యంగానైనా కట్టిన పదిహేను మంది ఆ రోజులకు కూడా డబ్బు కట్టారు. మూడో తేదీనే అందరికీ ఆపి ఉంటే, ఆ పదిహేను మందిలో ఒక్కరు నొచ్చుకుని మానేసినా నెలకు ₹300 చొప్పున ప్రతి నెలా పోతుంది.

వ్యాఖ్యాత: అంటే పది రోజుల గడువు అందరికీ సరిపోతుందా?

అతిథి: సరిపోదు. రోజూ జరిగే పనికి, ఖర్చు కొంచెం కొంచెంగా పడే పనికి సరిపోతుంది. ప్యూరిఫయర్ సర్వీసులో ఒకే రోజు వందల రూపాయల ఫిల్టరు మారుస్తారు. అక్కడ డబ్బు రానివారికి గడువు ఇవ్వండి గానీ, ఫిల్టరు మార్చే రోజును గడువు తర్వాతికి జరపండి. ఫోనులో సలహా, చిన్న మరమ్మతు ఆపనక్కర్లేదు.

వ్యాఖ్యాత: సందేశం ఎలా రాయాలి?

అతిథి: తేదీ, మొత్తం, మనం చేయబోయేది. అంతే. ఉదాహరణకు ఏడో తేదీన ఇలా పంపుతాను: ‘నమస్కారమండీ. ఈ నెల కారు శుభ్రం చేసే రుసుము ₹600 మూడో తేదీన రాలేదు. రేపు ఉదయం మళ్లీ ప్రయత్నిస్తాం. ఇప్పుడే కట్టాలనుకుంటే ఈ లింకు వాడండి. సేవ యథావిధిగా కొనసాగుతుంది.’ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. దీన్ని అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ పెట్టకూడదు. కారు కడిగే కుర్రవాడితో అడిగించకూడదు. అతను తనది కాని బాకీకి మాటలు పడాల్సి వస్తుంది.

వ్యాఖ్యాత: లింకు అన్నారు. గేటు దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటుంది కదా, దానికి పంపేస్తే సరిపోదా?

అతిథి: ఇక్కడే ఎక్కువ గొడవలు వస్తాయి. ఖాతాదారు ఏడో తేదీ రాత్రి క్యూఆర్ కోడ్‌కు ₹600 పంపుతారు. ఆ సంగతి బిల్లింగ్ వ్యవస్థకు తెలియదు. ఎనిమిదో తేదీ ఉదయం ఇంకో ₹600 కోతపడుతుంది. అందుకే ఆ బిల్లుకే ముడిపెట్టిన లింకు పంపాలి. దాని ద్వారా డబ్బు వస్తే మిగిలిన ప్రయత్నాలు ఆగిపోయేలా అమర్చుకోవాలి. క్యూఆర్‌కు వచ్చినవాటిని ప్రయత్నం ముందు రోజు రాత్రి ఒకరు కూర్చుని సరిచూడాలి. మొదటి వసూలుకూ ఇదే వర్తిస్తుంది. డబ్బు కోయడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం వెళ్లాలన్నది నియమం. అది చూసి కొందరు కట్టమంటున్నారనుకుని విడిగా పంపేస్తారు.

ఇంకొక సంగతి. ‘పెండింగ్’ అంటే విఫలం కాదు. డబ్బు వాళ్ల ఖాతాలోంచి పోయి మనకు చేరకుండా ఉండవచ్చు. తుది ఫలితం తేలేవరకు మళ్లీ ప్రయత్నం జోలికి వెళ్లకూడదు.

వ్యాఖ్యాత: పోయిన నెల బాకీని వచ్చే నెలతో కలిపి ₹1,200 తీసుకోవచ్చా?

అతిథి: మాండేట్‌లో గరిష్ఠ మొత్తం ₹600 అని పెడితే కుదరదు, ఆ కోరిక తిరస్కరణకు గురవుతుంది. నెలకొకసారి అని పెట్టిన మాండేట్‌లో ఒక నెలలో రెండు వసూళ్లూ కుదరవు. గరిష్ఠం ₹1,500 పెట్టుకుంటే దారి ఉంటుంది. కానీ ఒప్పుకునేటప్పుడు తెర మీద ₹1,500 చూసి జనం భయపడతారు. పక్కన నిలబడి ‘ఇది పరిమితి మాత్రమే, కోతపడేది ఆరువందలే’ అని వివరించగలిగితేనే అలా పెట్టండి. నా వరకు నేను ₹600 పెట్టి, బాకీలను లింకుతోనే తీసుకుంటాను. పదకొండున కట్టినవారికి వచ్చే నెల వసూలు తేదీని పదకొండుకు జరపకండి. అలా జరిపితే ఏడాది తిరిగేసరికి ఒక్కొక్కరిదీ ఒక్కో తేదీ అవుతుంది, జీతం రోజులతో పెట్టుకున్న లెక్క అంతా పోతుంది.

వ్యాఖ్యాత: పదమూడున ఆపేశారు. తర్వాత?

అతిథి: ఆ రోజే మాండేట్‌ను మన వైపు నుంచి రద్దు చేయాలి. సేవ ఆగినా మాండేట్ బతికి ఉంటే వచ్చే నెల మూడున మళ్లీ డబ్బు కోతపడుతుంది. కడగని కారుకు తీసుకున్న డబ్బు అది, ఫిర్యాదు న్యాయమైనదే.

వ్యాఖ్యాత: సేవ ఆగిన ఖాతాదారు ఇరవయ్యో తేదీన ఫోను చేసి మళ్లీ మొదలుపెట్టమంటే?

అతిథి: సంతోషంగా మొదలుపెట్టాలి. ముప్ఫై రోజుల నెల అయితే రోజుకు ₹20. కడిగిన పన్నెండు రోజులకు ₹240, ఇరవై నుంచి ముప్ఫై దాకా పదకొండు రోజులకు ₹220. మొత్తం ₹460కి లింకు పంపండి. అది అందాక కొత్త మాండేట్ తీసుకోండి, మొదటి వసూలు వచ్చే నెల మూడో తేదీన. ఆగిన రోజులకు డబ్బు అడగకండి, ఆలస్యానికి జరిమానా వేయకండి.