చిన్న ప్యాకెట్టా, పెద్ద సంచా: కిలో ఎంత పడింది?

హోస్ట్: రెండు బియ్యం ప్యాకెట్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని మీద ధర 66, ఇంకోదాని మీద 365. రెండోది 5 కిలోలు. మొదటిది చూడటానికి కిలో ప్యాకెట్టులానే ఉంది. 365ని 5తో భాగిస్తే కిలో 73 పడుతుంది. మరి 66దే చవక కదండీ?

గెస్ట్: కిలో అని ఎవరన్నారు? నికర బరువు చదవండి.

హోస్ట్: ఆ... 900 గ్రాములు.

గెస్ట్: అదీ సంగతి. ఇప్పుడు క్యాలిక్యులేటర్‌లో 66 ÷ 0.9 కొట్టండి.

హోస్ట్: 73.33. అయ్యో, పెద్ద సంచే చవక! కాకపోతే తేడా కిలోకి 33 పైసలే.

గెస్ట్: అందుకే దశాంశాలు వదిలేయకూడదు. రెండింటినీ 73 అని రాసుకుంటే సమానమనుకుంటారు. ఇంకో పొరపాటు, 900ని 66తో భాగించి అదే కిలో ధర అనుకోవడం. అప్పుడు 13.64 వస్తుంది. అది కిలో ధర కాదు, ఒక్క రూపాయికి ఎన్ని గ్రాములొస్తాయో ఆ లెక్క. పెద్ద సంచికి అదే లెక్క 13.70. ఇందులో ఎక్కువ వచ్చిందే చవక. రెండు పద్ధతులూ సరైనవే, కానీ ఒక ప్యాకెట్టుకి ఒకటి, ఇంకోదానికి ఇంకోటి చేస్తే మాత్రం తారుమారే.

హోస్ట్: అయితే 5 కిలోలదే తీసుకోవాలంటారా?

గెస్ట్: వండుకునేది ఎంతో చూసి చెప్పాలి. 365ని 73.33తో భాగించండి.

హోస్ట్: 4.977.

గెస్ట్: అంటే 4 కిలోల 977 గ్రాములు మీ గిన్నెలోకి వస్తేనే రెండూ సమానం. 23 గ్రాములు పారేశారా, పెద్ద సంచి లాభం అక్కడితో సరి. 23 గ్రాములంటే గుప్పెడు కూడా కాదు.

హోస్ట్: పురుగు పడితే అంతకంటే ఎక్కువే పోతుంది.

గెస్ట్: అవును. వెచ్చగా, తేమగా ఉన్నచోట ముక్కపురుగు గుడ్డు పెట్టినప్పటి నుంచి అది పెద్ద పురుగై గింజలోంచి బయటికి రావడానికి సుమారు నెల పడుతుంది. రోజుకి 100 గ్రాములు వండే ఒంటరి మనిషికి 5 కిలోలు 50 రోజులొస్తాయి. చిన్న ప్యాకెట్టు 9 రోజుల్లో అయిపోతుంది. రోజుకి 300 గ్రాములు వండే ఇంట్లో పెద్ద సంచి 17 రోజుల్లోపే ఖాళీ. కాబట్టి తేడా పైసల్లో ఉన్నప్పుడు ఒంటరి మనిషికి నేను చిన్నదే చెబుతాను.

హోస్ట్: తేడా ఎక్కువుంటే?

గెస్ట్: పెద్ద సంచి 330 అనుకోండి. కిలో 66. అప్పుడు 330 ÷ 73.33, 4.5 కిలోలు. అరకిలో పోయినా నష్టం లేదు. గాలి చొరబడని డబ్బాలో పోసుకుని నిశ్చింతగా కొనొచ్చు. అయితే రెండూ ఒకే రకం బియ్యం కావాలి. ఒకదాంట్లో నూకలు ఎక్కువుంటే ఈ పోలికకు అర్థం లేదు.