డాలస్‌లో వినాయక చవితి పత్రి: ఏది దొరుకుతుంది, దేనికి అక్షతలు వేయాలి

అందరికీ నమస్కారం. "చవితికి అక్కడ పత్రి ఎలా తెచ్చుకుంటారే?" అని రాజమండ్రి నుంచి మా పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతోంది. ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్లకీ ఇదే టెన్షన్. అందుకే ఈ వీడియో అంతా పత్రి గురించే. విగ్రహం, పాలవెల్లి ఇంకోసారి చూపిస్తాను.

ముందు గరిక. రండి, పెరట్లోకి వెళ్దాం. ఇక్కడివాళ్లు బెర్ముడా గ్రాస్ అని లాన్‌లో పెంచేది మన గరికే, అచ్చంగా అదే మొక్క. పక్కింటాయనకి మాత్రం ఇది పూలమడిలోకి పాకితే అస్సలు పడదు. 25 డాలర్లు పెట్టి మందు డబ్బా కొంటాడు, మన లెక్కలో 2 వేల రూపాయల పైనే. వినాయకుడికి మనం ఏరి ఏరి పెట్టే గడ్డిని చంపడానికి అంత ఖర్చు! ఈ విషయం చెబితే మా పిన్ని అసలు నమ్మలేదు.

అయితే లాన్‌లో పచ్చగా ఉన్నదంతా గరిక కాదు. ఇక్కడ సెయింట్ ఆగస్టీన్ అనే గడ్డి కూడా ఎక్కువ. దాని ఆకు వెడల్పుగా ఉండి కొస గుండ్రంగా ఉంటుంది. గరిక ఆకు సన్నగా, కొస మొనదేలి ఉంటుంది. తీగ నేలమీద పాకుతూ కణుపు కణుపుకీ వేరు పోసుకుంటుంది. కంకి వచ్చిందంటే ఇక అనుమానమే అక్కర్లేదు. ఒకే చోటినుంచి మూడు నుంచి ఏడు దాకా సన్నటి వేళ్లు విచ్చుకున్నట్టు ఉంటుంది. ఎక్కడ కోస్తున్నారో కూడా చూసుకోండి. లాన్‌కి కలుపుమందు కొట్టించే ఇళ్లే ఎక్కువ, రోడ్డు పక్కన కుక్కల్ని తిప్పుతారు. మీ పెరట్లో, మందు తగలని మూల ఒకటి వదిలేసుకోండి.

చికాగో, బోస్టన్ వైపు ఉన్నవాళ్ల లాన్లలో ఎక్కువగా వేరే గడ్డి ఉంటుంది. మీరు జూన్‌లోనే బెర్ముడా విత్తనం ఒక కుండీలో చల్లి, బాగా ఎండ తగిలే చోట పెట్టండి. వేడి ఉంటే రెండు మూడు వారాల్లో మొలుస్తుంది, చవితి నాటికి జంటలుగా తుంచుకునేంత తీగ వస్తుంది. విత్తనాలకి రంగు పూత ఉంటే చల్లాక చేతులు కడుక్కోండి.

మిగతావాటిలో మరువం సులువు. సూపర్ మార్కెట్లో తాజా ఆకుల దగ్గర మార్జోరమ్ అని ఉంటుంది, చిన్న డబ్బా 3 డాలర్లు. ఊళ్లో పూలమ్మి మాలలో ఊరికే కలిపి ఇచ్చేది కదా, ఆ వాసన రాగానే నాకు మా వీధే గుర్తొచ్చింది. పక్కనే ఒరెగానో ఉంటుంది, దగ్గరి చుట్టమే కానీ అది మరువం కాదు. బేసిల్ అని అమ్మేదీ తులసి కాదు. హోలీ బేసిల్ అని ఉన్న మొక్కనే తెచ్చుకోండి. దానిమ్మ మా స్నేహితురాలి ఇంట్లో ఉంది. దేవదారు ఇక్కడ అందానికి పెంచుతారు, డియోడార్ సీడర్ అని నర్సరీలో అడగండి. మామిడాకులు ఇండియన్ స్టోర్లో దొరుకుతాయి.

అంటే మా ఇంట్లో ఇరవయ్యొకటిలో నిజమైనవి ఆరు. మిగతా పదిహేనింటికి అక్షతలే. వావిలికి ఇక్కడ దగ్గరి చుట్టం వైటెక్స్ చెట్టు వీధివీధికీ ఉంది, కొందరు అది పెడతారు. నాకైతే ఏదో ఒక ఆకు పెట్టి పేరు మార్చడం కన్నా అక్షతలే నయం అనిపిస్తుంది. అది మన పూజలో ఉన్న పద్ధతే. వస్త్రం లేనప్పుడు "వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి" అంటాం కదా, అలాగే "ఉమాపుత్రాయ నమః" అని, "బిల్వపత్రార్థం అక్షతాన్ సమర్పయామి" అని వేయండి. పేరు మాత్రం వదలొద్దు, ఇరవయ్యొక్క నామాలూ చదవాలి. నూకలు ఏరేసిన బియ్యం గుప్పెడు, చిటికెడు పసుపు, రెండు చుక్కల నెయ్యి వేసి కలిపితే చాలు. నీళ్లు ఎక్కువైతే ముద్దకట్టి పళ్లెంలో అతుక్కుపోతాయి.

మారేడు ఊరినుంచి సూట్‌కేసులో తెద్దామనుకోకండి. అది నిమ్మ కుటుంబం చెట్టు. నిమ్మ, నారింజ తోటలకి తెగుళ్లు వస్తాయని ఆ ఆకులు అమెరికాలోకి రానివ్వరు, కరివేపాకుదీ అదే సంగతి.

ఇక గన్నేరు, ఉమ్మెత్త ఇక్కడా పెరుగుతాయి. రెండూ విషమే. ఇంట్లో పాకే పిల్లలున్నా, కుక్క ఉన్నా ఆ రెండింటికీ అక్షతలే వేయండి. పెద్దవాళ్లే ఉన్న ఇంట్లో పెట్టుకున్నా, ఉండ్రాళ్ల పళ్లేనికి తగలకుండా దూరంగా పెట్టి, కోసినవాళ్లు చేతులు కడుక్కున్నాకే ప్రసాదం ముట్టుకోవాలి.