మొదటి బండి, మొదటి పాలసీ: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. మొదటిసారి మోటారు సైకిలు కొంటున్న విద్యార్థుల బీమా సందేహాలకు సమాధానం చెప్పడానికి, మోటారు క్లెయిముల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన అధికారి మనతో ఉన్నారు. మొదటి ఫోను గుంటూరు నుంచి. చెప్పండి.

శ్రోత (గుంటూరు): నమస్కారం సార్. నేను ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాను. నాన్నగారు బండి కొనిస్తానన్నారు. 125 సీసీ తీసుకోవాలా, 160 సీసీ తీసుకోవాలా అన్నది ఇంకా తేలలేదు. అమ్మ అసలు బండే వద్దంటోంది, అది వేరే సంగతి. షోరూము వాళ్లు కొటేషనులో బీమా అని ఒకే మొత్తం వేసి, పక్కన ఐదేళ్లు అని రాశారు. ఒకసారి కట్టేస్తే ఇక ఐదేళ్లదాకా దాని జోలికి వెళ్లనక్కరలేదు కదా సార్?

నిపుణుడు: అక్కడే అందరూ పొరబడుతున్నారు బాబూ. ఆ మొత్తంలో రెండు వేర్వేరు బీమాలు ఉంటాయి. ఒకటి థర్డ్ పార్టీ, అంటే నీ బండి వల్ల ఎదుటివారికి ప్రాణనష్టమో గాయమో ఆస్తినష్టమో కలిగితే పరిహారం చెల్లించేది. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం తప్పనిసరి అయినది ఇదే. ఇది లేకుండా పట్టుబడితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి దీనిని ఒకేసారి ఐదేళ్లకు తీసుకోవాలి. రెండోది ఓన్ డ్యామేజీ, అంటే నీ బండికి జరిగే నష్టానికి, దొంగతనానికి, అగ్నిప్రమాదానికి, వరదకు వర్తించేది. షోరూములో సాధారణంగా ఇచ్చే పాలసీలో ఇది ఒక్క సంవత్సరానికే ఉంటుంది. పాలసీ కాగితం మీద రెండు తేదీలు ఉంటాయి, రెండూ చదువు. రెండో సంవత్సరంలో బండి పోయిందని ఏడుస్తూ వచ్చి, ఐదేళ్ల పాలసీ ఉంది కదా అని వాదించినవాళ్లను చాలామందిని చూశాను.

శ్రోత: అర్థమైంది సార్. మరి సీసీ ఎంతైనా థర్డ్ పార్టీకి ఒకటే రేటా?

నిపుణుడు: కాదు. ఆ రేటును ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, ఏ కంపెనీలోనైనా ఒకటే. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం 75 దాటి 150 సీసీ వరకు ఐదేళ్లకు 3,851 రూపాయలు, 150 దాటి 350 వరకు 7,365 రూపాయలు, జీఎస్టీ అదనం. నీ 125కీ 160కీ తేడా అంత ఉంది. కంపెనీని బట్టి మారేది ఓన్ డ్యామేజీ ప్రీమియం, అదనపు రక్షణల ధర. షోరూము చెప్పిన కంపెనీలోనే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. బండి ఎవరి పేరు మీద?

శ్రోత: నాన్నగారి పేరు మీదే సార్, లోను ఆయనకే ఇస్తారట. ఆయనకు లైసెన్సు లేదు, నాకు ఉంది. అయినా ఓనర్ డ్రైవరుకు 15 లక్షల ప్రమాద బీమా ఉంటుందని కొటేషనులో ఉంది కాబట్టి నాకు ఇబ్బంది లేదనుకుంటున్నాను.

నిపుణుడు: ఆ 15 లక్షలు నీకు రావు. రిజిస్ట్రేషను ఎవరి పేరు మీద ఉందో, ఎవరి దగ్గర చెల్లుబాటయ్యే లైసెన్సు ఉందో, ఆ ఇద్దరూ ఒకే మనిషి అయినప్పుడే అది వర్తిస్తుంది. మీ ఇంట్లో ఆ ఇద్దరూ వేరు. థర్డ్ పార్టీ అన్నా ఎదుటివారికే తప్ప నడుపుతున్న నీకు కాదు. కాబట్టి నీ పేరు మీద విడిగా ఒక వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోండి, లేదా లోను ఇచ్చేవారు ఒప్పుకుంటే బండినే నీ పేరు మీద రిజిస్టరు చేయించండి.

శ్రోత: అంటే సార్, ఐదేళ్లకు కట్టినా ప్రమాదంలో నాకు ఏమీ...

నిపుణుడు: మళ్లీ అదే ఐదేళ్లు! ఐదేళ్లది ఎదుటివారి కోసం, ఏడాదిది బండి కోసం, నీ కోసం ఉండేది విడిగా. ఈ మూడు కాగితం మీద రాసుకుని షోరూముకు వెళ్లు.

శ్రోత: రాసుకుంటాను సార్. చివరగా ఒక్కటి. జీరో డిప్రిసియేషన్ తీసుకోమంటున్నారు, అది అవసరమా?

నిపుణుడు: లెక్క వేసి చూద్దాం. కొత్త బండి, మూడో నెలలో జారి పడింది, బిల్లు 14,000 అయిందనుకో. అందులో ప్లాస్టిక్ భాగాలు 6,000, ఇనుప భాగాలు 5,000, కూలి 3,000. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు బండి ఎంత కొత్తదైనా సగం తరుగు తీసేస్తారు. ఇనుముకు మొదటి ఆరు నెలలు తరుగు లేదు. అప్పుడు వచ్చేది 11,000, అందులోంచి తప్పనిసరి మినహాయింపు 100 పోగా 10,900. నువ్వు పెట్టుకునేది 3,100. జీరో డిప్రిసియేషన్ ఉంటే ఆ సగం తరుగు ఉండదు కనుక ఇదే బిల్లులో నీ చేతినుంచి పోయేది దాదాపు ఆ వంద రూపాయలే. ఈనాటి బండ్లకు బయటంతా ప్లాస్టిక్కే కాబట్టి, కొత్తగా నేర్చుకున్న కుర్రాడికి మొదటి రెండేళ్లు ఇది పనికివస్తుందనే నా అభిప్రాయం. ఏడాదికి ఎన్ని క్లెయిములకు ఇస్తారో మాత్రం ముందే అడుగు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. హనుమకొండ నుంచి మరొకరు, క్లుప్తంగా అడగండి.

శ్రోత (హనుమకొండ): సార్, పాత బండి కొన్నాను, దానికి థర్డ్ పార్టీ మాత్రమే ఉంది. వెనక మా స్నేహితుడిని ఎక్కించుకుని కాలేజీకి వెళుతుంటాను. అతనికి దెబ్బ తగిలితే బీమా ఇస్తుందా?

నిపుణుడు: చట్టం కోరిన కనీస పాలసీ మాత్రమే ఉంటే వెనక కూర్చున్నవారికి రక్షణ ఉండదు, పరిహారం బండి యజమాని మీదే పడుతుంది. థర్డ్ పార్టీ, ఓన్ డ్యామేజీ రెండూ కలిసిన ప్యాకేజీ పాలసీ ఉంటే వర్తిస్తుంది. నీ పాలసీ పేరు ఏమిటో ఈ రోజే చూసుకో. ఆర్‌సీ, పాలసీ రెండూ నీ పేరు మీదికి మార్పించుకున్నావా?

శ్రోత: ఇంకా లేదు సార్.

నిపుణుడు: ముందు ఆ పని చెయ్యి నాయనా.

వ్యాఖ్యాత: విజయవాడ నుంచి ఒక తల్లి లైనులో ఉన్నారు.

శ్రోత (విజయవాడ): నమస్కారమండీ. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మా వీధిలో బండ్లన్నీ మునిగాయి. ఇప్పుడు మా అబ్బాయికి కొత్త బండి కొంటున్నాము, ఏ అదనపు రక్షణ తీసుకోమంటారు?

నిపుణుడు: మీ వీధికైతే ఇంజన్ ప్రొటెక్షన్ తీసుకోండమ్మా. వరద నష్టానికి ఓన్ డ్యామేజీ ఎలాగూ వర్తిస్తుంది. కానీ నీళ్లలో తడిసిన బండిని స్టార్ట్ చేస్తే లోపలికి నీరు వెళ్లి ఇంజను పాడవుతుంది. దానిని వరద నేరుగా చేసిన నష్టంగా కాకుండా తరువాత జరిగినదిగా లెక్కగట్టి మామూలు పాలసీలో నిరాకరిస్తారు. ఈ రక్షణ ఉన్నా సరే, నీటిలో నిలిచిన బండికి తాళం చెవి తిప్పవద్దని అబ్బాయికి చెప్పండి. ఫోటోలు తీసి, కంపెనీకి తెలియజేసి, సర్వీసు సెంటరుకు లాగించుకుని వెళ్లాలి. నష్టం అంచనా వేసే బీమా సర్వేయరు చూడకముందు విప్పించవద్దు. ఒక సంగతి, పాలసీ మీద రెండు తేదీలు ఉంటాయి...

శ్రోత: ఇందాక విన్నానండీ, రాసుకున్నాను.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. సమయం అయిపోయినందున మిగిలిన ఫోన్లు తీసుకోలేకపోతున్నాము.