స్టాప్‌లాస్ పెట్టగానే వెక్టర్ కోడ్ ఎక్కడ తప్పుతుంది?

అందరికీ నమస్కారం. పాత ధరల మీద స్ట్రాటజీని పరీక్షించే బ్యాక్‌టెస్ట్ కోడ్‌ను రెండు రకాలుగా రాయొచ్చు: ధరల కాలమ్ మొత్తాన్ని ఒకేసారి లెక్కించే వెక్టర్ పద్ధతి, ఒక్కో రోజునూ వరుసగా నడిపే ఈవెంట్ పద్ధతి. ఒక మామూలు స్ట్రాటజీ తీసుకుందాం. 20 రోజుల సగటు ధర 50 రోజుల సగటును దాటి పైకి వెళ్తే కొంటాం, కిందికి దిగితే అమ్మేస్తాం. పాండాస్‌లో ఇది రెండు లైన్ల పని. ఇందులో `fast`, `slow` ఆ రెండు సగటులు, `close` క్లోజింగ్ ధరల కాలమ్.

```python
signal = (fast > slow).astype(int)
ret = signal.shift(1) * close.pct_change()
```

ఏళ్ల డేటా ఒక్కసారిగా లెక్క తేలిపోతుంది. 20, 50 బదులు వేరే జతలు వందల కొద్దీ పరీక్షించాలన్నా పెద్దగా సమయం పట్టదు. ఇక్కడ వెక్టర్ పద్ధతే సరైనదని నా అభిప్రాయం. ఎందుకంటే ఈ రోజు చేతిలో షేరు ఉండాలా వద్దా అన్నది కేవలం ధరలను బట్టే తేలుతుంది. మనం ఎంతకు కొన్నామో దానికి అక్కర్లేదు.

`shift(1)` మర్చిపోతే ఈ రోజు క్లోజింగ్ చూసి ఈ రోజు లాభమే రాసుకున్నట్టవుతుంది. ఇది చాలామందికి తెలుసు. కానీ అది ఉన్నా, సిగ్నల్ వచ్చిన ఆ క్లోజింగ్ ధరకే కొన్నామని కోడ్ అనుకుంటోంది. మర్నాడు ఓపెనింగ్‌లో కొనేవాళ్లయితే మొదటి రోజు రాబడిని ఓపెన్ నుంచి క్లోజ్ వరకే లెక్కపెట్టాలి.

ఇప్పుడు దీనికి 5 శాతం స్టాప్‌లాస్ కలుపుదాం. 100కి కొన్నాం, స్టాప్ 95 దగ్గర ఉంది. నిన్న 97 దగ్గర ముగిసిన షేరు ఈ రోజు ఏకంగా 92 దగ్గర ఓపెన్ అయింది. తొందరగా రాసిన వెక్టర్ కోడ్ నష్టాన్ని 5 శాతంగా రాసుకుంటుంది. అసలు అమ్ముడుపోయేది 92 దగ్గర, నష్టం 8 శాతం. ఇంతకంటే పెద్ద చిక్కు ఆ తర్వాత వస్తుంది. స్టాప్ తగిలి బయటికి వచ్చేశాం, కానీ 20 రోజుల సగటు ఇంకా పైనే ఉంది కాబట్టి `signal` ఇంకా 1 అనే చెబుతోంది. మళ్లీ కొనాలా, కొత్త క్రాసింగ్ కోసం ఆగాలా? జవాబు మన ట్రేడ్ చరిత్రలో ఉంది, ధరల కాలమ్‌లో లేదు.

ఈవెంట్ పద్ధతి అవసరమయ్యేది ఇక్కడే. ఒక్కో బార్, అంటే ఒక్కో రోజు ధరల వరుస, రాగానే ముందు పెండింగ్ ఆర్డర్లు నిండాయేమో చూస్తాం, తర్వాత పోర్ట్‌ఫోలియోను సరిచేస్తాం, ఆ తర్వాతే స్ట్రాటజీకి ఆ బార్ చూపిస్తాం. ఈ వరుస తారుమారైతే భవిష్యత్తు ధర ఇక్కడా దొంగచాటుగా దూరుతుంది. లిమిట్ ఆర్డర్లు, చాలా షేర్లు ఒకే నగదును పంచుకోవడం కూడా ఈ కోవలోవే.

అలాగని ఇది అన్నీ తేల్చదు. ఒకే రోజు హై 106, లో 94 అయి, టార్గెట్ 105, స్టాప్ 95 ఉంటే ఏది ముందు తగిలిందో రోజువారీ బార్ చెప్పదు. నిమిషాల డేటా తేవాలి, లేదా స్టాపే ముందు తగిలిందని అనుకోవాలి.

రెండు పద్ధతుల్లోనూ కోడ్ రాసినప్పుడు స్టాప్ తీసేసి, ఖర్చులు సున్నా చేసి, ఫిల్ ధరగా క్లోజింగే పెట్టి ఒకసారి నడపండి. రోజువారీ పొజిషన్లు పక్కపక్కన పెట్టి, మొదట తేడా వచ్చిన తేదీ దగ్గర వెతకండి. బగ్ సాధారణంగా అక్కడే దొరుకుతుంది.