‘లేటెస్ట్ ఎడిషన్’ అంటే ఏ ఎడిషన్? ఒక పాత పుస్తకం టైటిల్ రివ్యూ

నమస్తే అండి. ఈ వీడియోకి స్పాన్సర్ ఎవరూ లేరు. పాత పుస్తకాలు ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు ధర, ఫొటోలు, డెలివరీ సంగతి మీరు చూసే ఉంటారు, వాటి జోలికి పోను. ఇవాళ రివ్యూ చేసేది పుస్తకాన్ని కూడా కాదు, దాన్ని అమ్మకానికి పెట్టినప్పుడు పైన రాసే ఒక్క లైనుని. సెకండ్ హ్యాండ్ పుస్తకాల్లో ఎక్కడ చూసినా కనిపించే రకం ఇది:

```
Chemistry book class 12 latest edition good condition urgent sale
```

లెక్కపెడితే 65 అక్షరాలు. కొనేవాడికి పనికొచ్చేవి ‘కెమిస్ట్రీ’, ‘12’, ఈ రెండే. ఎవరి పుస్తకం? మన దగ్గర ఇంటర్ సెకండియర్ అంటే తెలుగు అకాడమీది కావచ్చు, ఎన్‌సీఈఆర్‌టీది కావచ్చు. ఇంగ్లిష్ మీడియమా, హిందీ మీడియమా? పార్ట్ 1 ఒక్కటేనా, రెండూనా? ఒక్కదానికీ జవాబు లేదు. ‘అర్జెంట్’ అట! అర్జెంట్ అమ్మేవాడికి. ఆ మాట కొట్టి ఎవరూ పుస్తకం వెతకరు.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది ‘లేటెస్ట్’ అన్న మాట. ఎన్‌సీఈఆర్‌టీ కెమిస్ట్రీ 12 విషయంలో అది అబద్ధమైతే ఎంత తేడా వస్తుందో చూడండి. పాత పుస్తకంలో 16 యూనిట్లు. సిలబస్ తగ్గించాక 2023-24 నుంచి వచ్చిన దాంట్లో 10 మాత్రమే. సాలిడ్ స్టేట్, సర్ఫేస్ కెమిస్ట్రీ, మెటలర్జీ, పి-బ్లాక్, పాలిమర్స్, చివరి ఎవ్రీడే లైఫ్ పాఠం, ఈ ఆరూ పోయాయి. దాంతో నంబర్లన్నీ మారాయి. క్లాసులో సార్ ‘యూనిట్ 6 తీయండి’ అంటే కొత్త పుస్తకంలో హాలోఆల్కేన్స్ వస్తుంది, పాతదాంట్లో మెటలర్జీ వస్తుంది.

అసలు తిరకాసు సెట్ కలిపి అమ్మేటప్పుడు. కొత్త పార్ట్ 1లో యూనిట్లు 1 నుంచి 5. పాత పార్ట్ 2 మొదలయ్యేదే 10తో. ఈ రెండూ జతచేసి పంపితే కొన్నవాడు ‘మధ్యలో 6 నుంచి 9 దాకా ఏవీ?’ అని గొడవపడతాడు. నిజానికి పాఠం ఏదీ పోలేదు. కొత్తది కోఆర్డినేషన్ కాంపౌండ్స్‌తో ముగుస్తుంది, పాతది హాలోఆల్కేన్స్‌తో మొదలవుతుంది, వరుస సరిగ్గా అతుకుతుంది. కానీ టైటిల్లో చెప్పకపోతే అవతలివాడికి ఎలా తెలుస్తుంది?

మీ దగ్గరున్నది ఏదో తేల్చుకోవడం అర నిమిషం పని. పార్ట్ 1 విషయసూచిక తీయండి. మొదటి యూనిట్ సాలిడ్ స్టేట్ అయితే పాతది, సొల్యూషన్స్ అయితే కొత్తది. సంవత్సరం కోసం లోపలి కాపీరైట్ పేజీలో రీప్రింట్ల వరుస చూసి చివరిది రాసుకోండి. అక్కడ ఇంగ్లిష్ నెల పక్కన శక సంవత్సరం కూడా ఉంటుంది, 2022కి 1944 అన్నట్టు. అది చూసి ‘1944 ఎడిషన్’ అని పెట్టేయకండి బాబూ, మ్యూజియం వాళ్లు ఫోన్ చేస్తారు!

ఇక ‘గుడ్ కండిషన్’. అమ్మేవాడు అట్ట చూసి ఆ మాటంటాడు. కొనేవాడు అడిగేది లోపలి రాత గురించి. ఈ పుస్తకంలో పాఠం మధ్యమధ్యలో ప్రశ్నలుంటాయి. వాటి పక్కనే పెన్నుతో జవాబులు రాసేసి ఉంటే కొత్తవాడు సొంతంగా చేసి చూసుకోవడానికి ఉండదు. పెన్సిలైతే చెరుపుకుంటాడు. అందుకే పెన్సిలా, పెన్నా, హైలైటరా అని ఒక్క మాట టైటిల్లోనే ఉండాలి. వెనక జవాబుల పేజీలు చిరిగిపోయి ఉంటే అది తప్పకుండా డిస్క్రిప్షన్‌లో చెప్పాలి.

ఇప్పుడు అదే టైటిల్ తిరగరాద్దాం:

```
NCERT Chemistry 12 Part 1+2 English 10 Units 2024 pencil marks
```

62 అక్షరాలు. మొదటిదానికన్నా మూడు తక్కువే, అయినా అడగాల్సిన ప్రశ్న మిగల్లేదు. ఫోన్లో టైటిల్ సగంలో తెగిపోయినా ఎవరి పుస్తకం, ఏ సబ్జెక్టు, ఏ క్లాసు అన్నది ముందే కనబడుతుంది. రాతల సంగతి చివర్న ఉన్నా నష్టం లేదు, ఎందుకంటే అది చదివేది లోపలికి వచ్చినవాడే.

మొదటి టైటిల్‌కి నా మార్కులు పదికి రెండు. ‘లేటెస్ట్’ అన్నందుకు ఒకటి కోసేస్తున్నా, కాబట్టి ఒకటి.

పాత సెట్ ఉన్నవాళ్లు దాచిపెట్టాల్సిన పని లేదు. 2024 నీట్ సిలబస్‌లో పి-బ్లాక్ ఉంది, కొత్త పుస్తకంలో ఆ యూనిట్ లేదు. అంటే మీ పాత పుస్తకం వెతికేవాళ్లు వేరే ఉన్నారు. ‘లేటెస్ట్’ అని అబద్ధమాడకుండా వాళ్లకి కనబడేలా పెట్టండి:

```
NCERT Chemistry 12 Part 1+2 Old 16 Units with p-Block for NEET
```