పిడుగు పాఠం, 14 గళ్లలో

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది టీచర్లు. మన ఒడిశా ఊళ్లు పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం నుంచి వచ్చారు. వెనక వరసలో బొమ్మలు వేసే పిల్లలు ఉన్నారు. మీ ఇద్దరికీ మధ్య ఉండే కాగితం గురించి చెప్పడానికి వచ్చాను. దాన్ని స్టోరీబోర్డు అంటారు. ఎడమవైపు బొమ్మ గీసిన గడి ఉంటుంది, కుడివైపు ఆ గడి మీద వినిపించే మాట ఉంటుంది, కింద ఎన్ని సెకన్లో రాసి ఉంటుంది. కాగితంగా చూస్తే అంతే. నలభై నిమిషాల ఉపన్యాసం ఆ కాగితం మీదికి ఎలా వస్తుందో, మేము చేసిన ఒకే ఒక్క పాఠంతో చూపిస్తాను.

ఆ పాఠం పిడుగు మీద. భౌతికశాస్త్రం చెప్పే ఒక మాస్టారు ఇచ్చిన ఉపన్యాసం. మహేంద్రగిరి మీద మబ్బు కమ్మితే మన వైపు పశువులను తోలుకొచ్చేవాళ్ల గుండెలు ఎలా కొట్టుకుంటాయో మీకు చెప్పక్కర్లేదు. మాస్టారు అన్నీ చెప్పారు. మబ్బులో విద్యుదావేశాలు ఎలా విడిపోతాయి, మెరుపు ముందు కనిపించి ఉరుము తర్వాత ఎందుకు వినిపిస్తుంది, పిడుగు పడినవాడికి ప్రథమ చికిత్స ఏమిటి, ఇనుప చువ్వ ఇంటిని ఎలా కాపాడుతుంది. రికార్డు చేసి అక్షరాల్లోకి దించితే దాదాపు 3,400 మాటలు వచ్చాయి.

మాకు కావాల్సిన బొమ్మల సినిమా 90 సెకన్లు. నేను స్టాప్‌వాచ్ పెట్టుకుని చదివి చూసుకున్నాను. వినేవాడికి అందేలా చదివితే తెలుగులో నిమిషానికి 90 మాటలు దాటడం లేదు. ఇంగ్లిషు వాయిస్ ఓవర్లకు నిమిషానికి 150 మాటలని లెక్క చెబుతారు. ఆ లెక్క మనకు పనికిరాదు. మన మాట ఒక్కోటి మూడు మాటల బరువు మోస్తుంది, ‘వెళ్లాల్సివచ్చింది’ అన్నది చూడండి. పైగా 90 సెకన్లూ మాటతో నింపకూడదు. కనీసం 15, 20 సెకన్లు కంటికి వదలాలి. అంటే మా చేతిలో ఉన్నవి 110 మాటలు. ముప్ఫై మాటలకు ఒక్కటి మిగులుతుంది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటే నేనూ చేశాను. ఉపన్యాసంలోని ప్రతి భాగాన్నీ కుదించాను. మబ్బుకు రెండు గళ్లు, మెరుపుకు రెండు, చికిత్సకు రెండు. చూసినవాళ్లకు పిడుగు గురించి ఏదో చూశామని తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఉపన్యాసాన్ని కుదించకూడదు. అందులోంచి ఒక్క ప్రశ్నను తవ్వి తీయాలి, మిగతాది వదిలేయాలి. ఏ ప్రశ్నను తీయాలో ఎలా తెలుస్తుందంటే, రికార్డింగు వింటూ మాస్టారి గొంతు ఎక్కడ మారిందో చూడండి. మా మాస్టారి గొంతు మారింది ఒకే చోట. ‘చెట్టు కింద ఆవులు చచ్చిపోయాయి, పక్కనే నిలబడ్డ కాపరి బతికాడు. ఎందుకు?’ అని అడిగి, చాక్‌పీసు పక్కన పెట్టి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి చూపించారు. మా సినిమా మొత్తం ఆ ప్రశ్నే.

ఆ ప్రశ్నకు ఆయన బోర్డు మీద రాసిన జవాబు ఇది:

```
V = ρI / (2πr)
```

పిడుగు కరెంటు I, నేల విశిష్ట నిరోధం ρ, చెట్టు నుంచి దూరం r. దూరమయ్యే కొద్దీ వోల్టేజీ తగ్గుతుంది. కాబట్టి నేల మీద రెండు చోట్ల రెండు వోల్టేజీలు ఉంటాయి. ఆ రెండు చోట్లా కాళ్లు పెట్టి నిలబడ్డ జంతువు గుండా కరెంటు పోతుంది. సూత్రాన్ని తెర మీద చూపించవచ్చు. కానీ పదేళ్ల పిల్లాడికి అది బొమ్మ కాదు, గీతలు. నేను మొదట నీటిలో రాయి వేసినట్టు చెట్టు చుట్టూ అలలు గీశాను. చూడటానికి బాగుంది, కానీ తప్పు. ఎలా తెలిసిందంటే, పెన్సిల్ గీతలు నలుగురు పిల్లలకు చూపించి ‘ఆవు ఎందుకు పడిపోయింది?’ అని అడిగాను. ముగ్గురు ‘అల వచ్చి తోసేసింది’ అన్నారు. అల అంటే కదిలేది, తోసేది. మేము చెప్పాలనుకున్నది తేడా.

అప్పుడు అలలు చెరిపి నేలకు రంగులు వేశాం. రంగంటే వోల్టేజీ, సినిమా అంతా ఇదే నియమం. మాస్టారు కూర్చుని లెక్క వేసి పెట్టారు. 30 వేల ఆంపియర్ల పిడుగు, నేల విశిష్ట నిరోధం 100 ఓమ్-మీటర్లు అనుకుంటే, 20 వేల వోల్టులకు ఒక రంగు మార్చాలంటే గీతలు చెట్టు నుంచి సుమారు 6, 8, 12, 24 మీటర్ల దగ్గర పడతాయి. 6 మీటర్ల లోపల అంతా ఎరుపే. ఆ గీత దాటాక చెట్టుకు దగ్గరి పట్టీలు ఇరుకు, దూరంలోవి వెడల్పు. ఆ సూత్రం మొత్తం ఈ పట్టీల వెడల్పులోకి దిగిపోయింది. తెర మీద ఒక్క అంకె లేదు.

ఇక ఆవును ఎక్కడ నిలబెట్టాలి? 6 మీటర్ల గీత మీద. ముందు కాళ్లు 5.5 మీటర్ల దగ్గర ఎరుపులో, వెనక కాళ్లు 7 మీటర్ల దగ్గర నారింజలో. మధ్యలో తేడా 18 వేల వోల్టులు దాటింది. కాపరి 7 మీటర్ల దగ్గర, పాదాల మధ్య 30 సెంటీమీటర్లు ఉంచి నిలబడితే తేడా మూడు వేల లోపే. పైగా మనిషిలో కరెంటు ఒక కాలు ఎక్కి రెండో కాలు దిగుతుంది, ఆవులో గుండె మీదుగా పోతుంది. ఇదిగో ఆ భాగం గళ్లు:

గడి 4. బొమ్మ: పై నుంచి చూసిన ఇప్పచెట్టు, చుట్టూ నేల. పిడుగు పడుతుంది.
మాట: లేదు. ఉరుము మాత్రమే. 3 సెకన్లు.

గడి 5. బొమ్మ: చెట్టు మొదలు నుంచి ఎరుపు, నారింజ, పసుపు బయటికి పరుచుకుంటాయి.
మాట: ‘చెట్టు మీద పడ్డ పిడుగు అక్కడితో ఆగదు. నేలలోకి దిగి నాలుగు వైపులా పాకుతుంది.’ 8 సెకన్లు.

గడి 6. బొమ్మ: పక్కనుంచి ఆవు. ముందు కాళ్లు ఎరుపులో, వెనక కాళ్లు నారింజలో.
మాట: ‘ముందు కాళ్ల దగ్గర ఒక జోరు, వెనక కాళ్ల దగ్గర ఇంకో జోరు.’ 7 సెకన్లు.

గడి 7. బొమ్మ: ముందు కాలి నుంచి వెనక కాలికి, ఛాతీ మీదుగా తెల్లని గీత.
మాట: ‘ఆ తేడాయే కరెంటును గుండె మీదుగా లాక్కెళ్లింది.’ 6 సెకన్లు.

గడి 8. బొమ్మ: కాపరి పాదాలు, రెండూ నారింజలోనే.
మాట: ‘కాపరి కాళ్లు దగ్గరగా ఉన్నాయి.’ 5 సెకన్లు.

గడి 8 చూడండి. ‘కాబట్టి తేడా తక్కువ, కాబట్టి బతికాడు’ అని ముందు రాసి కొట్టేశాను. రంగు ఆ మాట చెప్పేసింది. బొమ్మ చెప్పినదాన్నే మాట మళ్లీ చెబితే వినేవాడు చెవి మూసుకుంటాడు. గడి 6లో మాత్రం మాట రంగుల పేర్లు ఎత్తదు, రంగంటే ఏమిటో చెబుతుంది. మాట, బొమ్మ చెరో సగం పట్టుకోవాలి.

‘జోరు’ మీద మాస్టారితో రెండు రోజులు గొడవ. ఆయనకు ‘పొటెన్షియల్ భేదం’ కావాలి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో కూర్చుని వాడుక మాటకు భయపడటం ఏమిటండీ అన్నాను. ఆయన నవ్వారు గానీ ఒప్పుకోలేదు. ‘జోరంటే కరెంటు అనుకుంటారు’ అన్నారు. అదీ నిజమే. చివరికి గడి 3లో ఇంటి ట్యాంకు నుంచి కుళాయికి నీళ్లు దిగే బొమ్మ ఒకటి చేర్చాం, జోరు అంటే ఏమిటో అక్కడ కుదిరింది.

ఇంకో విషయం, ఇది ఇంగ్లిషు నమూనాలు చూసి నేర్చుకున్నవాళ్లకు తట్టదు. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. గడి 5లో ‘చెట్టు’ అనగానే రంగు పరుచుకోవడం మొదలుపెడితే, ‘పాకుతుంది’ అనే సరికి బొమ్మ అయిపోయి నిలబడి ఉంటుంది. గొంతు వెనకబడినట్టు అనిపిస్తుంది. అందుకని ‘దిగి’ దగ్గర ఎరుపు పుట్టాలి, ‘పాకుతుంది’ దగ్గర పసుపు అంచు తాకాలి. మాట పక్కన ఆ చోట చిన్న బాణం గుర్తు పెడతాం. ఒడియాలోనూ క్రియ చివరే వస్తుంది కాబట్టి ఒడియా గొంతు పెట్టినప్పుడు ఆ బాణాలు పెద్దగా కదల్లేదు. కదిలింది నిడివి. గడి 5 ఒడియాలో చదివితే మా చెల్లికి 9 సెకన్లు పట్టింది. అప్పటి నుంచి ప్రతి గడికీ ఒక సెకను వదులు ఉంచుతున్నాం, బొమ్మ లోపల ఏ లిపిలోనూ అక్షరం రాయడం లేదు.

ఇదంతా కాగితం మీదే ఎందుకు తేల్చుకోవాలంటే, సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు. ఆరు సెకన్ల గడి 7 తప్పని ఆఖర్లో తేలితే 72 బొమ్మలు చెత్తబుట్టలోకి పోతాయి. గడి మీద తేలితే రబ్బరుతో పోతుంది. అందుకే పెన్సిల్ గళ్లనే వరసగా పెట్టి, ఫోన్లో చదివిన గొంతు అతికించి ఒకసారి చూస్తాం. దాన్ని యానిమాటిక్ అంటారు.

మా యానిమాటిక్ చూసిన ఒకావిడ అన్న మాట నా నిద్ర చెడగొట్టింది. ‘అయితే చెట్టు కింద కాళ్లు దగ్గర పెట్టి నిలబడితే చాలన్నమాట.’ మేము ఎక్కడా అలా అనలేదు. కానీ 90 సెకన్లూ చూపించింది అదే. ఉపన్యాసంలో మాస్టారు ఆ జాగ్రత్త మూడుసార్లు చెప్పారు, నేను మూడింటినీ కుదింపులో కోసేశాను. చెట్టు నుంచి పిడుగు పక్కకు ఎగిరి మనిషి మీదికి దూకవచ్చు, అప్పుడు కాళ్లు ఎలా పెట్టినా ఒకటే. ఆరుబయట క్షేమమైన చోటు లేదు. కాళ్లు దగ్గర పెట్టడం వేరే దారి లేనప్పుడు చేసే పని. ఒకే రంగు అంటే తేడా సున్నా అని కూడా కాదు. అందుకే ఆఖరి మూడు గళ్లు మార్చాం. గడి 12లో అదే కాపరి, అదే చెట్టు, ఈసారి కొమ్మ నుంచి మెరుపు అతని వైపు వంగుతుంది, మాట లేదు. 13లో ఉరుము వినగానే పశువుల్ని తోలుకుంటూ చెట్టును వదిలి పరుగు. 14లో పక్కా ఇంటి లోపలి నుంచి కిటికీ, బయట వాన. ‘ఉరుము వినిపించిందంటే పిడుగు అందేంత దగ్గరలో ఉన్నట్టే. ఇంట్లోకి వచ్చేయండి.’

మార్చిన యానిమాటిక్ ఇప్పుడు వేస్తున్నాను. మొదటిసారి శబ్దం ఉండదు. మీ ముందున్న కాగితం మీద ఆవు ఎందుకు పడిపోయిందో ఒక్క వాక్యం, ఉరుము వినిపిస్తే మీరేం చేస్తారో ఒక్క వాక్యం రాయండి. రెండోసారి తెర ఆపేసి గొంతు ఒక్కటే వినిపిస్తాను, అప్పుడూ అవే రెండు వాక్యాలు రాయండి. ఏ గడి దగ్గర మీ వాక్యం తడబడిందో దాని నంబరు పక్కన వేయండి, రేపు కూర్చుని దాన్ని మళ్లీ గీస్తాం. ఆ లైటు కాస్త ఆపండి బాబూ.