లాస్ట్ క్లిక్ చూసి వీడియో యాడ్స్ ఆపేయాలా?

యాంకర్: వీడియో, డిస్‌ప్లే యాడ్స్‌కి డబ్బు పెడుతున్నాం, రిపోర్టులో మాత్రం ఆర్డర్లు కనపడట్లేదని చాలామంది అడుగుతున్నారు. లోపం యాడ్స్‌లోనా, లెక్కలోనా?

మీడియా ప్లానర్: ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్మే ఒక క్లయింట్ దగ్గర నేనే పొరపాటు చేశానండి. కొనేముందు చివరగా నొక్కిన యాడ్‌కే క్రెడిట్ మొత్తం ఇచ్చే లాస్ట్ క్లిక్ లెక్కలో వీడియోకి ఆర్డర్లు దాదాపు లేవు, ఆపేయించాను. రెండు వారాలు ఏమీ తెలియలేదు. ఆ తర్వాత వాళ్ల బ్రాండ్ పేరు గూగుల్‌లో వెతికేవాళ్లు తగ్గుతూ వచ్చారు. వీడియో చూసినవాళ్లు అప్పటికప్పుడు క్లిక్ చేయరు కదా. ఇంట్లో పచ్చడి అయిపోయినప్పుడు పేరు గుర్తొచ్చి వెతుకుతారు. క్రెడిట్ మొత్తం సెర్చ్ యాడ్‌కి పోతుంది.

యాంకర్: మరి అన్నిటికీ సమానంగా పంచే లీనియర్ మోడల్ పెట్టుకోవచ్చా?

అనలిస్ట్: గూగుల్ యాడ్స్‌లో లీనియర్, ఫస్ట్ క్లిక్ లాంటివి 2023లో తీసేశారు. మిగిలినవి లాస్ట్ క్లిక్, ఖాతాలోని డేటాని బట్టి ఒక్కో యాడ్‌కి క్రెడిట్ పంచే డేటా డ్రివెన్. రోజువారీ బిడ్డింగ్‌కి నేను డేటా డ్రివెన్ పెడతాను. స్కిప్ చేయగల వీడియోని 10 సెకన్లు చూసి, క్లిక్ చేయకుండా వెళ్లి తర్వాత కొన్నా అది లెక్కలోకి తీసుకుంటుంది. డిస్‌ప్లే బ్యానర్ ఊరికే కంటపడితే మాత్రం అది వ్యూ-త్రూ అనే వేరే కాలమ్‌లోకి వెళ్తుంది. ఆ అంకె చూసి సంబరపడకండి. సైట్‌కి వచ్చి వెళ్లినవాళ్లకి మళ్లీ చూపించే రీమార్కెటింగ్ బ్యానర్ ఎలాగూ కొనబోయేవాళ్లకే చూపించినా అది పెరుగుతుంది.

యాంకర్: అంటే బడ్జెట్ ఏ మోడల్ చూసి తేల్చాలి?

అనలిస్ట్: ఏ మోడల్ చూసీ కాదు. కొన్ని ఊళ్లలో ఆపి చూడాలి. రాజమండ్రి, కాకినాడల్లో నాలుగు వారాలు వీడియో ఆపి, విజయవాడ, గుంటూరుల్లో నడిపారనుకుందాం. అంతకుముందు నాలుగు వారాల్లో ఆపిన ఊళ్లలో 200 ఆర్డర్లు, నడిపిన ఊళ్లలో 400. టెస్టులో నడిపినచోట 420 అయ్యాయి, అంటే 5 శాతం పెరిగింది. ఆ లెక్కన ఆపినచోట 210 రావాలి, 180 వచ్చాయి. పోయినవి 30. అక్కడ వీడియోకి 15,000 రూపాయలు అయ్యేదైతే, ఒక్కో ఆర్డరుకి 500 పడినట్టు. ఆర్డర్లు డాష్‌బోర్డులోవి కాదు, మీ బిల్లింగ్‌లోవి లెక్కపెట్టండి.

మీడియా ప్లానర్: మామూలు నెలల్లోనే 30 అటూఇటూ అయ్యే వ్యాపారానికి?

అనలిస్ట్: అప్పుడు ఈ టెస్టుతో ఏదీ తేలదు. ఇంకొన్ని ఊళ్లు కలిపి ఎనిమిది వారాలు నడపాలి. మధ్యలో సంక్రాంతి పడకుండా చూసుకోవాలి, ఆఫర్లు మార్చకూడదు.

మీడియా ప్లానర్: ఆర్డరుకి 300 మిగిలే క్లయింట్‌కి 500 అంటే టెన్షనే. వచ్చినవాళ్లలో ఎంతమంది మళ్లీ కొన్నారో పాత బిల్లుల్లో చూశాకే నేను ఇప్పుడు ఆపమని చెప్తాను.